సగం గీత ఎక్కడ తగులుతుంది?

కేన్సర్ మందుల మీద వచ్చిన పరిశోధన పత్రం ఏది తిరగేసినా ఒక బొమ్మ దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. ఎడమవైపు పైమూలలో రెండు గీతలు బయలుదేరి, మెట్లు మెట్లుగా కుడివైపుకు దిగుతూ పోతాయి. ఒకటి గబగబా దిగిపోతుంది, ఇంకొకటి ఆగి ఆగి దిగుతుంది. దీన్ని సర్వైవల్ కర్వ్ అంటారు. ఒకప్పుడు ఈ బొమ్మ డాక్టర్ల లైబ్రరీ దాటి బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు సదస్సులో తెర మీద పడగానే ఎవరో ఒకరు సెల్‌ఫోన్‌తో తీస్తారు. అది చేతులు మారి, చివరికి జబ్బు మనిషి ఉన్న ఇంటి వాట్సాప్ గ్రూపులోకి చేరుతుంది. అసలు పత్రం వెంట రాదు, పట్టికలు రావు. ఫొటో ఒక్కటే వస్తుంది. కొత్త మందుతో ఎన్నాళ్ళు, పాతదానితో ఎన్నాళ్ళు అన్నది ఇంట్లో అందరి ప్రశ్న.

స్కేలు, పెన్సిలు ఉంటే ఆ ఫొటో నుంచి జవాబు చాలావరకు రాబట్టవచ్చు. ఆ జవాబును ఎంతవరకు నమ్మవచ్చో కూడా ఫొటోలోనే ఉంటుంది. చాలామంది ఆ రెండోది చూడకుండా వదిలేస్తారు.

దీనికి నేను ఎప్పుడూ ఎంచుకునే ఉదాహరణ పాతదే, కానీ దాన్ని మించింది దొరకదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధన నుంచి అమినోప్టెరిన్ అనే మందు వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. అయితే ఆ ఊరట తాత్కాలికం. కొన్నాళ్ళకు జబ్బు తిరగబెట్టేది. అక్కణ్ణుంచి డాక్టర్ల ముందున్న ప్రశ్న మారిపోయింది. జబ్బు తగ్గుతుందా అని కాక, తగ్గింది ఎన్నాళ్ళు నిలుస్తుంది అని అడగడం మొదలైంది.

గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేసిన 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మందుకు ఆ ప్రశ్నే వేశారు ఎమిల్ ఫ్రైరైక్, ఎడ్మండ్ గేహన్, వాళ్ళ సహచరులు. స్టెరాయిడ్లతో జబ్బు అణిగిన పిల్లలను 42 మందిని తీసుకున్నారు. జతలు జతలుగా విడదీసి, ప్రతి జతలో ఎవరికి మందు, ఎవరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర అన్నది చీటీ వేసినట్టు తేల్చారు. అలా మందు వాడినవాళ్ళు 21 మంది, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళు 21 మంది. జబ్బు తిరగబెట్టడానికి ఎన్ని వారాలు పట్టిందో రాసుకున్నారు. ఫలితాలు 1963లో ‘బ్లడ్’ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఆ 42 అంకెలు ఈనాటికీ ఈ విద్య నేర్పే పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటాయి. అసలు అంకెలు మన చేతిలో ఉన్నాయి గనుక, ఫొటో చూసి మనం కట్టిన లెక్క తప్పో ఒప్పో సరిచూసుకోవచ్చు. మామూలుగా వచ్చే ఫొటోలకు ఆ వీలు ఉండదు.

ముందు ఉత్తుత్తి మాత్ర వాడిన పిల్లల గీత చూద్దాం. మొదట్లో 21 మందికీ జబ్బు అణిగే ఉంది కాబట్టి గీత 1 దగ్గర, అంటే నూటికి నూరు దగ్గర మొదలవుతుంది. మొదటి వారంలో ఇద్దరికి తిరగబెట్టింది. గీత అక్కడ 21లో రెండు వంతులు నిలువుగా పడుతుంది. రెండో వారంలో ఇద్దరు, మూడులో ఒకరు, నాలుగులో ఇద్దరు, ఐదులో ఇద్దరు. ఇక మిగిలింది 12 మంది, అంటే 0.571. ఆరు, ఏడు వారాల్లో ఎవరికీ ఏమీ కాలేదు, గీత అడ్డంగా సాగింది. ఎనిమిదో వారంలో ఒక్కసారిగా నలుగురికి తిరగబెట్టింది. మిగిలింది 8 మంది, 0.381. అంటే సగం అనే మట్టాన్ని గీత ఎనిమిదో వారంలో దాటి కిందికి దిగింది. మధ్యగత కాలం, డాక్టర్ల మాటలో మీడియన్, 8 వారాలు.

ఫొటో మీద దీన్ని చదవడానికి చేసేది ఇంతే. నిలువు గీటు మీద 0.5 (లేదా 50 శాతం) దగ్గర స్కేలు పెట్టి కుడివైపుకు అడ్డంగా గీత గీస్తాం. అది మెట్ల గీతకు తగిలిన చోటు నుంచి నిట్టనిలువుగా కిందికి దిగి, అడుగున కాలం ఎంతో చదువుతాం. సాధారణంగా అది ఏదో ఒక మెట్టు నిలువుగా పడే చోటే తగులుతుంది. ఎప్పుడైనా గీత సరిగ్గా 0.5 మీదే అడ్డంగా సాగుతూ ఉంటే, ఆ అడ్డగీత మొదలుకీ చివరకీ నడిమి కాలాన్ని తీసుకోవడం వాడుక. ఇంకో సంగతి. కొన్ని పత్రాల్లో గీత కింది ఎడమ మూల నుంచి పైకి ఎక్కుతుంది. అక్కడ లెక్కపెడుతున్నది మిగిలినవాళ్ళను కాదు, జబ్బు తిరగబెట్టినవాళ్ళను. సగం దగ్గర చదవడంలో తేడా లేదు, కానీ పై గీత మంచిదనుకుంటే మాత్రం అర్థం తలకిందులవుతుంది.

మందు వాడిన పిల్లల గీత ఇంత తేలిగ్గా తెగదు. పరిశోధన ముగిసే నాటికి 21 మందిలో 9 మందికే జబ్బు తిరగబెట్టింది. మిగతా 12 మందికి అప్పటికి బాగానే ఉంది. వాళ్ళలో ఆలస్యంగా చేరినవాళ్ళను కొద్ది వారాలే గమనించారు. ఆరు వారాలు మాత్రమే గమనించిన పిల్ల ఉంది, 35 వారాలు గమనించిన పిల్ల ఉంది. వీళ్ళను ఏ లెక్కలో వేయాలి? తిరగబెట్టిన తొమ్మిది మందినే తీసుకుంటే మధ్యగతం 10 వారాలు వస్తుంది. గమనించిన చివరి రోజునే అందరికీ తిరగబెట్టినట్టు లెక్కవేస్తే 16 వారాలు వస్తుంది. రెండూ మందును తక్కువ చేసి చూపిస్తాయి. ఎందుకంటే బాగున్న పిల్లలను మొదటి లెక్క వదిలేస్తోంది, రెండో లెక్క జబ్బు పడినవాళ్ళలో కలిపేస్తోంది.

దీనికి దారి చూపింది ఎడ్వర్డ్ కప్లాన్, పాల్ మేయర్ అనే ఇద్దరు. సముద్రం అడుగున వేసిన టెలిఫోన్ కేబుళ్ళలోని వాక్యూమ్ ట్యూబులు ఎన్నాళ్ళు పనిచేస్తాయన్నది కప్లాన్ సమస్య, మేయర్‌ది వైద్య గణాంకాల సమస్య. ఇద్దరూ విడివిడిగా ఒకే పత్రికకు పంపితే, రెంటినీ కలిపి ఒక్కటిగా రాయమన్నారు. అది 1958లో అచ్చయింది. వాళ్ళ ఉపాయం చాలా సాదా. పిల్ల మన కళ్ళ ముందు ఉన్నంతకాలం ఆమెను లెక్కలో ఉంచుదాం. గమనించడం ఆగిపోయాక, జబ్బు తిరగబెట్టినట్టు గీతను కిందికి దించకుండా, మౌనంగా మిగిలినవారి లెక్కలోంచి తీసేద్దాం. అలా తీసేసిన చోట గీత మీద చిన్న నిలువు గాటు పెడతారు.

లెక్క ఇలా నడుస్తుంది. ఆరో వారంలో 21 మందిలో ముగ్గురికి తిరగబెట్టింది. మిగిలింది 18/21, అంటే 0.857. అదే వారంతో ఇంకో పిల్లను గమనించడం ముగిసింది. కాబట్టి ఏడో వారానికి లెక్కలో ఉన్నది 17 మంది. వాళ్ళలో ఒకరికి తిరగబెట్టింది. గీత ఇప్పుడు 0.857ను 16/17తో గుణించిన చోటికి, 0.807కు దిగుతుంది. పదో వారంలో 0.753, పదమూడులో 0.690, పదహారులో 0.627. ఇరవై రెండో వారానికి లెక్కలో మిగిలింది ఏడుగురే. అందులో ఒకరు పోగా 0.538. ఇరవై మూడో వారంలో ఆరుగురిలో ఒకరు పోగా 0.448. సగం మట్టం అక్కడ దాటింది. మధ్యగతం 23 వారాలు. ఆ తర్వాత గీత ఇక దిగనే దిగదు. అదే 0.448 మట్టాన 35వ వారం దాకా అడ్డంగా సాగుతుంది.

ఇప్పుడు ఇదే బొమ్మ ఫొటోగా వచ్చిందనుకుందాం. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో తెరిచి చుక్కల లెక్క, అంటే పిక్సెళ్ళ లెక్క చూస్తాం. నిలువు గీటు మీద 1 ఉన్న చోటు పైనుంచి 200వ వరుసలో, 0 ఉన్న చోటు 1400వ వరుసలో ఉన్నాయనుకోండి. మధ్యలో 1200 పిక్సెళ్ళు. సగం 800వ వరుసలో ఉండాలి. అడ్డంగా 0 వారం 300వ నిలువు వరుసలో, 35వ వారం 2050లో ఉంటే, వారానికి 50 పిక్సెళ్ళు. 800వ వరుస వెంట కుడికి పోతే మొదటి గీత 700 దగ్గర తగులుతుంది. 700లోంచి 300 తీసేసి 50తో భాగిస్తే 8 వారాలు. రెండో గీత 1450 దగ్గర తగులుతుంది. అది 23 వారాలు. వెబ్‌ప్లాట్‌డిజిటైజర్ లాంటి సాఫ్ట్‌వేర్ చేసేది కూడా ఈ పనే. గీటుల మీద తెలిసిన అంకెల దగ్గర మనం నొక్కి చూపిస్తే, మిగతా భాగహారం అది చూసుకుంటుంది.

చిక్కు ఫోన్ పట్టుకున్న తీరులో ఉంది. ఫొటో తీసేటప్పుడు ఫోన్ బొమ్మకు సరిగ్గా ఎదురుగా ఉండటం అరుదు. టేబుల్ మీది పుస్తకాన్ని మన వైపు నుంచి వంగి తీస్తాం కాబట్టి బొమ్మ కింది భాగం ఫోన్‌కు దగ్గర, పై భాగం దూరం. దగ్గరున్నది పెద్దదిగా పడుతుంది. అప్పుడు 1 నుంచి 0.5 దాకా 540 పిక్సెళ్ళే ఉండి, 0.5 నుంచి 0 దాకా 660 పిక్సెళ్ళు ఉండవచ్చు. అసలు సగం 740వ వరుసలో ఉంటే మనం మాత్రం 800లో గీస్తున్నాం. అక్కడ ఉన్న అసలు విలువ సుమారు 0.455. ఉత్తుత్తి మాత్ర గీతకు దీనివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు, ఎందుకంటే ఆ మెట్టు 0.571 నుంచి 0.381 దాకా ఒకే ఊపున పడింది. మధ్యలో ఎక్కడ గీసినా ఎనిమిదో వారమే వస్తుంది. మందు గీత సంగతి అలా కాదు. అది 0.448 దగ్గర ఆగిపోయింది. మన తప్పు గీత 0.455 దగ్గర ఉంది. వెంట్రుకవాసిలో తప్పించుకున్నాం. ఇంకాస్త వంచి తీసి ఉంటే గీత అసలు తగిలేదే కాదు. మధ్యగతం ఇంకా చేరుకోలేదని రాసుకునేవాళ్ళం. అటు పైకి జరిగి 0.538ను దాటి ఉంటే 22 వారాలని చదివేవాళ్ళం. నిలువు గీటు అచ్చులో 6 సెంటీమీటర్లు ఉన్న బొమ్మలో, 23కూ ‘చేరుకోలేదు’కూ మధ్య దూరం మూడు మిల్లీమీటర్లు.

అందుకే కొలిచి సగం చేయకుండా, నిలువు గీటు మీద అచ్చయిన 0.5 గుర్తు నుంచే గీత మొదలుపెట్టాలి. బొమ్మకు కుడివైపున కూడా చట్రం ఉంటే, గీత అక్కడికి చేరేసరికి పై అంచుకూ కింది అంచుకూ మధ్య సరైన చోటే ఉందో లేదో చూసుకోవాలి. ఫొటో వంకరగా ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. నిలువు గీటు మీద 0.2, 0.4, 0.6, 0.8 గుర్తుల మధ్య దూరాలు సమానంగా ఉండాలి. పై అంచు పొడవూ కింది అంచు పొడవూ ఒకటే అయి ఉండాలి. తేడా ఉంటే డాక్యుమెంట్ స్కానర్ యాప్‌లో నాలుగు మూలలు లాగి సరిచేయవచ్చు. లాగేటప్పుడు కాగితం మూలలు కాకుండా గ్రాఫ్ చట్రం మూలలు పట్టుకోవాలి. కుట్టు దగ్గర వంగిన పేజీని మాత్రం ఇలా సరిచేయలేం. వంపు తిరిగిన చోట మూలలు సరిపోయినా నడుమ భాగం తప్పుగానే ఉంటుంది. పుస్తకాన్ని అణిచిపట్టి, ఫోన్‌ను దూరంగా ఉంచి, జూమ్ చేసి మళ్ళీ తీయడమే మార్గం. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనాలి. ఫొటోగా పంపితే కుదించినప్పుడు మొదట చెరిగిపోయేవి గీత మీది ఆ చిన్న నిలువు గాట్లే.

మన కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో బొమ్మే చెప్పగల ఒక చోటు ఉంది. గుంపులో ఎంతమంది ఉన్నారో తెలిస్తే చాలు, మధ్యలో ఎవరినీ లెక్కలోంచి తీసేయనంతవరకు ప్రతి మెట్టూ ఆ సంఖ్యలో ఒక వంతుకో రెండు వంతులకో మూడు వంతులకో సరిపోవాలి. 21 మందిలో ఒకరంటే 0.0476, మన ఫొటోలో 57 పిక్సెళ్ళు. మొదటి వారంలో పడిన మెట్టు ఇద్దరిది, కాబట్టి 114 ఉండాలి. కొలిస్తే 95 వచ్చిందంటే లోపం పిల్లల్లో లేదు, ఫొటోలో ఉంది.

ఈ మెట్ల ఎత్తులో ఇంకో రహస్యం ఉంది. నాకు ఈ విద్యలో అన్నిటికంటే నచ్చేది ఇదే. చాలా పత్రాల్లో గ్రాఫ్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస అంకెలు ఉంటాయి. ఏ సమయానికి ఎంతమంది ఇంకా లెక్కలో మిగిలి ఉన్నారో అవి చెబుతాయి. ఫొటో తీసేవాళ్ళు మొదట కత్తిరించేది వాటినే. గ్రాఫ్ బాగా కనిపించాలని దగ్గరికి జరుగుతారు, అడుగు వరుస పోతుంది. పోయినా పూర్తిగా పోలేదు. ఇరవై మూడో వారంలో గీత 0.538 నుంచి 0.448కు పడింది. చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే 0.833. అంటే ఆరింట ఐదు వంతులు మిగిలాయి, ఒక వంతు పోయింది. కాబట్టి ఆ క్షణాన లెక్కలో ఉన్నది ఆరుగురు, తిరగబెట్టింది ఒకరికి. లెక్కలో 12 మంది ఉండి ఇద్దరికి తిరగబెట్టినా ఇదే నిష్పత్తి వస్తుంది. ఆ రెంటికీ తేడా ఒక్క మెట్టును బట్టి తేలదు. పక్కనున్న మెట్టు చూడాలి. దానికి ముందు, ఇరవై రెండో వారంలో, 0.627 నుంచి 0.538కు పడింది. అది ఏడింట ఆరు వంతులు. ఏడుగురు, ఆ తర్వాత ఆరుగురు. వరుస సరిగ్గా కుదిరింది.

దీన్నిబట్టి మధ్యగతం బలం ఎంతో తెలిసిపోతుంది. మొదట్లో ఒక పిల్లకు తిరగబెడితే గీత 0.048 పడేది. ఇరవై మూడో వారంలో ఒక్క పిల్లకే 0.090 పడింది, దాదాపు రెట్టింపు. మనం అంత నమ్మకంగా చదివిన 23 వారాలనే అంకె ఆ ఆరుగురిలో ఒక్కరి మీద నిలబడి ఉంది. ఆ పిల్లకు ఇరవై మూడో వారంలో తిరగబెట్టకపోయి ఉంటే గీత 0.538 దగ్గరే ఆగిపోయి ఉండేది, మధ్యగతం చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు. గణాంకాల వాళ్ళు దీనికి 95 శాతం విశ్వాస అవధి కడితే కింది హద్దు 16 వారాలు వస్తుంది, పై హద్దు రానే రాదు. ఉత్తుత్తి మాత్ర గుంపుకు అదే 4 నుంచి 12 వారాల మధ్య ఉంటుంది. అందుకే ఫొటో చూసి 23.2 వారాలని దశాంశాల్లో చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది.

చివరి అడ్డగీత మీద ఇంకో అపోహ ఉంది. గీత 0.448 దగ్గర సమంగా సాగుతోంది కాబట్టి నూటికి 45 మందికి జబ్బు శాశ్వతంగా నయమైందనుకుంటారు. ఆ అడ్డగీత కింద ఉన్నది ఐదుగురు పిల్లలు. వాళ్ళను 25, 32, 32, 34, 35 వారాల దగ్గర గమనించడం ఆపేశారు. ఎవరికీ అప్పటికి తిరగబెట్టలేదు, అంతే. ముప్పై అయిదో వారాన ఆ గీతను మోస్తున్నది ఒక్క పిల్ల. పైగా ఈ గ్రాఫ్ చూపించేది జబ్బు అణిగి ఉన్న కాలాన్ని, ఆయుష్షును కాదు. పేరు సర్వైవల్ కర్వ్ అయినంత మాత్రాన నిలువు గీటు మీద ఉన్నది ప్రాణమే కానక్కర్లేదు. గీటు పక్కన నిలువుగా అచ్చయిన మాట చదవకుండా ఏ లెక్కా మొదలుపెట్టకూడదు. అడుగున ఉన్నది వారాలా, నెలలా అన్నది కూడా అంతే.

ఇక రెండు గుంపులనూ పోల్చడం. 8 వారాలు, 23 వారాలు. అంటే మందు దాదాపు మూడు రెట్లు నిలిపింది. ఇది అడ్డంగా పోల్చడం, సగం మట్టం దగ్గర రెండు గీతల మధ్య దూరం. నిలువుగానూ పోల్చవచ్చు. పదో వారం దగ్గర స్కేలు నిలబెడితే మందు గుంపులో 75 శాతం, రెండోదానిలో 38 శాతం పిల్లలు బాగున్నారు. ఇంటివాళ్ళకు ఈ రెండోదే త్వరగా అర్థమవుతుందని నా అనుభవం. పైగా అక్కడ లెక్కలో పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి ఫొటో వంకరకు అంతగా చెదరదు.

అయితే రెండూ ఒక్కో చోట చూసే చూపులే. మొత్తం గీతను పోల్చే పరీక్షను లాగ్‌ర్యాంక్ అంటారు. పేరు విని బెదరనక్కర్లేదు. జబ్బు తిరగబెట్టిన ప్రతి వారం దగ్గరా ఆగి ఒకే ప్రశ్న వేస్తాం. రెండు గుంపులకూ తేడా లేకపోతే ఈ వారం పడినవాళ్ళు ఏ గుంపులో ఎంతమంది ఉండాలి? ఎనిమిదో వారం తీసుకుందాం. అప్పటికి మందు గుంపులో 16 మంది, రెండోదానిలో 12 మంది, మొత్తం 28. ఆ వారం నలుగురికి తిరగబెట్టింది. తేడా లేకపోతే ఆ నలుగురూ 16కు 12 పాళ్ళలో పంచుకోవాలి, అంటే మందు గుంపుకు 2.3, రెండోదానికి 1.7. కానీ నలుగురూ ఉత్తుత్తి మాత్ర గుంపులోనే ఉన్నారు. ఇలా అన్ని వారాలకూ వేసి కూడితే, మందు గుంపులో 19.25 మందికి తిరగబెట్టాల్సి ఉండగా తొమ్మిది మందికే తిరగబెట్టింది. రెండోదానిలో 10.75 ఉండాల్సింది 21 అయింది. ఇంత తేడా కేవలం కాకతాళీయంగా వచ్చే అవకాశం లక్షలో నాలుగు.

ఇవే నాలుగు అంకెలతో ఒక చిన్న భాగహారం చేయవచ్చు. మందు గుంపులో 9ని 19.25తో భాగిస్తే 0.47. రెండోదానిలో 21ని 10.75తో భాగిస్తే 1.95. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.24. ఏ వారం తీసుకున్నా మందు వాడే పిల్లకు జబ్బు తిరగబెట్టే వేగం వాడని పిల్లతో పోలిస్తే సుమారు నాలుగో వంతు అని దాని అర్థం. పత్రాల్లో హజార్డ్ రేషియో అనే పేరుతో కనిపించేది ఈ కోవలోని అంకే. మధ్యగతాలు మూడు రెట్లన్నాయి, ఇది నాలుగు రెట్లంటోంది. ఏది నిజం? రెండూ నిజమే. మధ్యగతం 23 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఐదుగురు పిల్లలు జబ్బు లేకుండా వారాల తరబడి గడిపిన సంగతి దానికి తెలియదు. రెండో లెక్కలో వాళ్ళు చివరిదాకా ఉన్నారు.

ఫొటో నుంచి ఇంత చేయవచ్చా అంటే, మెట్లు విడివిడిగా కనిపించే చిన్న గుంపుల్లో చేయవచ్చు. వందలమంది ఉన్న పరిశోధనలో మెట్లు కలిసిపోయి నున్నటి గీతలా కనిపిస్తాయి. అక్కడ చేత్తో కుదరదు. 2012లో పాట్రీషియా గుయో, ఆమె సహచరులు దీనికి ఒక పద్ధతి ప్రచురించారు. గీత మీది బిందువులనూ, అడుగున ఉండే మిగిలినవారి అంకెలనూ ఇస్తే, ఒక్కో మనిషి వివరాన్ని దాదాపుగా తిరిగి కట్టి ఇస్తుంది. అడుగు అంకెలు లేకపోతే దాని జవాబులు బాగా వదులైపోతాయి. అందుకే ఫొటో పంపినవారిని నేను మొదట అడిగేది గ్రాఫ్ అడుగు భాగం.

మధ్యగతాలను మాత్రమే పోల్చి ఊరుకుంటే ఏమవుతుందో చెప్పడానికి 2009లో వచ్చిన ఐపాస్ అనే పరిశోధన చాలు. తూర్పు ఆసియాలో ఊపిరితిత్తుల కేన్సర్ ముదిరినవాళ్ళలో, ఎక్కువగా పొగతాగని వాళ్ళలో, జెఫిటినిబ్ అనే మాత్రను కీమోథెరపీతో పోల్చారు. జబ్బు పెరగకుండా నిలిచిన కాలం మధ్యగతం మాత్రతో 5.7 నెలలు, కీమోతో 5.8 నెలలు. ఫొటోలో సగం గీత గీసినవాళ్ళు రెండూ ఒకటేనని తేల్చేస్తారు. స్కేలును పన్నెండో నెల దగ్గర నిలబెడితే బొమ్మ మారిపోతుంది. మాత్ర వాడినవాళ్ళలో 24.9 శాతం మందికి, కీమో వాడినవాళ్ళలో 6.7 శాతం మందికి జబ్బు పెరగలేదు. మొదటి నెలల్లో కీమో గీత పైన ఉంది. ఆరో నెల ప్రాంతంలో రెండూ ఒకదాన్నొకటి దాటాయి. ఆ దాటిన చోటు దాదాపు సగం మట్టం దగ్గరే పడింది, అందుకే మధ్యగతాలు ఒకటయ్యాయి. ఇలా గీతలు ఒకదాన్నొకటి దాటినప్పుడు మధ్యగతం ఒక్కటే కాదు, హజార్డ్ రేషియో కూడా తడబడుతుంది. ఐపాస్‌లో అది 0.74. ముందు సగం నష్టాన్నీ తర్వాతి సగం లాభాన్నీ కలిపి తీసిన సగటు అది. ఏ నెలలో ఉన్న రోగికీ అది సరిగ్గా వర్తించదు.

గీతలు ఎందుకు దాటుకున్నాయో వెతికితే, ఆ బొమ్మలో రెండు రకాల రోగులు కలిసిపోయి ఉన్నారని తేలింది. కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు మార్పు చెందినవాళ్ళను విడదీసి గీస్తే మాత్ర గీత స్పష్టంగా పైన నిలిచింది, నిష్పత్తి 0.48. మార్పు లేనివాళ్ళను విడిగా గీస్తే అదే మాత్ర గీత కీమో గీత కంటే ఎంతో కిందికి పడిపోయింది, నిష్పత్తి 2.85. ఆ తర్వాత ఊపిరితిత్తుల కేన్సర్ రోగికి ఈ మాత్ర రాసేముందు కణితి ముక్కను జన్యుపరీక్షకు పంపడం ఆనవాయితీ అయింది.